నాలుగో మెయిల్ ఎవరికి?

దీపావళి దగ్గర పడుతుంటే ఆన్‌లైన్‌లో పిండివంటలో, చీరలో అమ్ముకునే చిన్న వ్యాపారులను ఒకటే సందేహం పట్టుకుంటుంది. పండగకు మెయిళ్లు ఎన్ని పంపాలి? మూడు చాలని ఒకరంటారు. ఏడైనా పంపకపోతే ఎవరికీ గుర్తుండదని ఇంకొకరంటారు. అసలు అంకెతో మొదలుపెట్టడమే పొరపాటు. చెప్పాల్సిన కొత్త కబురు ఎన్నిసార్లు ఉంది, అది ఎవరికి పనికొస్తుంది అని చూసుకుంటే అంకె దానంతట అదే తేలుతుంది.

రాజమండ్రి దగ్గర ఓ పిండివంటల దుకాణం ఉందనుకుందాం. పూతరేకులు, కాజాలు, సున్నుండలు పెట్టెల్లో సర్ది పంపుతారు. మెయిళ్ల జాబితాలో 10,000 మంది ఉన్నారు. పండగ ఆదివారం వచ్చింది. యజమాని ముందుగా కొరియర్ వాళ్లను అడిగి పండగ నుంచి వెనక్కి లెక్కపెట్టుకోవాలి. బెంగళూరు, చెన్నై, ముంబై పార్సిళ్లు మంగళవారం బయల్దేరాలి. హైదరాబాద్, విజయవాడ, విశాఖ పార్సిళ్లకు గురువారం దాకా వ్యవధి ఉంది. అంటే చెప్పడానికి నాలుగు సందర్భాలున్నాయి. రెండు వారాల ముందు కొత్త పెట్టెలు, ధరలు. వారం ముందు ఏ వంటకం ఎన్నాళ్లు నిలవ ఉంటుంది, ఏది ఎవరికి పంపితే బాగుంటుంది అన్న వివరం. ఆ తర్వాత దూరపు ఊళ్ల గడువు ఒకటి, దగ్గరి ఊళ్ల గడువు ఒకటి.

దుకాణం పంపేవి నాలుగు మెయిళ్లే అయినా ఏ ఒక్కరికీ మూడుకు మించి అందవు. బెంగళూరులో ఉన్నవారికి గురువారం గడువుతో పనిలేదు, విజయవాడవారికి మంగళవారంతో పనిలేదు. మొదటి మెయిల్‌కే ఆర్డర్ ఇచ్చినవారికి మిగతావి అక్కర్లేదు. జాబితాలో ఊరి పేరు లేకపోతే పాత ఆర్డర్ల పిన్‌కోడ్లు సాయపడతాయి.

ఐదోది కూడా పంపితే నష్టమేముంది, పంపడానికి ఖర్చు పైసల్లోనే కదా అని చాలామంది అంటారు. అక్కడే లెక్క తప్పుతుంది. ఉదాహరణకు మన దుకాణం శుక్రవారం పొద్దున, చేతికందేంత దూరంలో ఉన్న ఊళ్లవారికి మరో మెయిల్ వేయాలనుకుంది. ఇంకా కొననివారు 6,000 మంది ఉన్నారు. తెలివైన యజమాని అందరికీ పంపడు. చీటీలు తీసినట్టు ఏరిన 1,000 మందిని పక్కన పెట్టి, మిగతా 5,000 మందికి పంపుతాడు. పంపినవారి నుంచి 40 ఆర్డర్లు వచ్చాయి. మెయిల్ ఘనవిజయమేనా? పక్కన పెట్టిన వెయ్యిమంది కూడా మెయిల్ లేకుండానే 6 ఆర్డర్లు ఇచ్చారు. ఆ చొప్పున 5,000 మంది నుంచి ఎలాగూ 30 వచ్చేవే. మెయిల్ నిజంగా తెచ్చినవి పదే.

ఆర్డర్‌కు 150 రూపాయల లాభం అనుకుంటే వచ్చింది 1,500. అదే మెయిల్ చూసి 35 మంది అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కారు. జాబితా వల్ల ఏడాదికి వచ్చే లాభాన్ని 10,000తో భాగిస్తే తలకు 50 రూపాయలు తేలిందనుకోండి, పోయింది 1,750. వెళ్లిపోయినవారు బహుశా సగటు కంటే తక్కువ కొనేవాళ్లే, కాబట్టి ఈ నష్టం కొంచెం పెద్దదిగా కనిపిస్తుండవచ్చు. ఆరు, నలభై లాంటి చిన్న అంకెల్లో అదృష్టం పాలూ ఎక్కువే. ఒక్క పండగ చూసి తీర్పు చెప్పకుండా రెండు మూడు పండగలు ఇలాగే పక్కన పెట్టి చూడాలి. ఆ శుక్రవారం మెయిల్ మాత్రం దుకాణదారు సంబరపడినంత లాభం తేలేదన్నది ఖాయం.

అన్‌సబ్‌స్క్రైబ్ కన్నా ప్రమాదకరమైనది ‘స్పామ్’ మీట. రోజుకు 5,000కు పైగా మెయిళ్లు పంపేవారికి జీమెయిల్ 2024 ఫిబ్రవరి నుంచి నిబంధనలు బిగించింది. ప్రచార మెయిళ్లలో ఒక్క నొక్కుతో బయటపడే వీలుండాలి. స్పామ్ ఫిర్యాదులు వెయ్యికి ఒకటి లోపే ఉండాలి, వెయ్యికి మూడు దాకా ఎప్పుడూ పోకూడదు. మన దుకాణం పంపిన 5,000 మెయిళ్లకు ఆ మూడో మెట్టు అంటే 15 ఫిర్యాదులు. అంతే! గీత దాటితే తర్వాతి మెయిళ్లు కోరి తెప్పించుకునేవారికి కూడా స్పామ్ పెట్టెలో పడే ముప్పుంది. అందుకే అన్‌సబ్‌స్క్రైబ్ లింకును అట్టడుగున కనీకనిపించని అక్షరాల్లో దాచడం తెలివి అనిపించుకోదు. దారి దొరకని మనిషి స్పామ్ మీటే నొక్కుతాడు.

ఇక రాత సంగతి. తొలి మెయిల్‌లో పండగ సందడి చెల్లుతుంది. తర్వాతవాటికి అది సరిపోదు. ‘చివరి అవకాశం! త్వరపడండి!’ అనే శీర్షిక చదివినవారికి ఏం తెలిసింది? ఏమీ లేదు. ‘హైదరాబాద్ పార్సిళ్లకు గురువారం సాయంత్రం 5 గడువు’ అంటే మెయిల్ తెరవకుండానే విషయం తెలుస్తుంది. కొననివారికి కూడా చిరాకు రాదు. లోపల నాలుగు వాక్యాలు చాలు:

‘కాజాల పెట్టెలు అయిపోయాయి. సున్నుండలు, పూతరేకులు ఉన్నాయి. గురువారం 5 తర్వాత ఇచ్చిన ఆర్డర్లు పండగ వెళ్లాకే చేరతాయి. ఈ దీపావళికి ఇక మెయిళ్లు వద్దనుకుంటే ఇక్కడ నొక్కండి, సంక్రాంతికి మళ్లీ పలకరిస్తాం.’

ఇందులో మొదటి మెయిల్ నుంచి తెచ్చి అతికించిన వాక్యం ఒక్కటీ లేదు. ఆ గడువు కూడా నిజమైనదై ఉండాలి. గురువారమే ఆఖరని చెప్పి, శుక్రవారం ‘మీ కోరికపై మరో రోజు’ అంటే వచ్చే పండగకు ఎవరూ నమ్మరు. డిస్కౌంట్ విషయంలో మరీ జాగ్రత్త కావాలి. మొదటి వారం పూర్తి ధర ఇచ్చి కొన్నవారికి నాలుగో మెయిల్‌లో ఇరవై శాతం తగ్గింపు కనిపిస్తే కడుపు మండుతుంది. మిగతావాళ్లు ఆఖరి మెయిల్ దాకా ఆగడం నేర్చుకుంటారు.

‘ఈ పండగకు మాత్రం వద్దు’ అనే లింకు ఉబుసుపోక పెట్టింది కాదు. బ్రిటన్‌లో పూలు అమ్మే బ్లూమ్ అండ్ వైల్డ్ సంస్థ 2019లో మదర్స్ డే ముందు తన కస్టమర్లకు ఇలాంటి వీలే కల్పించింది. అమ్మను పోగొట్టుకున్నవారికి ఆ రోజున పూల ప్రకటనలు బాధ కలిగిస్తాయి కదా. దాదాపు 18,000 మంది ఆ లింకు నొక్కారు. వాళ్లు ఆ పండగ మెయిళ్లనే వద్దన్నారు గానీ జాబితాలోనే ఉన్నారు. మన దగ్గర ఇంట్లో మైల ఉండి ఆ ఏడు పండగ చేసుకోనివాళ్లుంటారు. వాళ్లకు ‘వెలుగుల పండగ మీ ఇంట’ అంటూ రెండ్రోజులకొకటి వస్తుంటే పూర్తిగా తెంచుకోవడం తప్ప వేరే దారి ఉండదు.

ఆ లింకు పెట్టడంతో పని అయిపోదు. నొక్కినవారి పేర్ల ముందు గుర్తు పెట్టి, మిగతా పండగ మెయిళ్లనుంచి తీసేయాలి. పండగయ్యాక గుర్తు తొలగించాలి. చాలా దుకాణాల్లో ఆ రెండో పని మరచిపోవడంతో మంచి ఖాతాదారులు సంక్రాంతికి కూడా జాబితా బయటే ఉండిపోతారు.

ఫలితం చూసుకునేటప్పుడు ఎంతమంది మెయిల్ తెరిచారన్న లెక్కను పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. ఆపిల్ 2021లో తెచ్చిన ప్రైవసీ ఏర్పాటు వల్ల ఐఫోన్ మెయిల్ యాప్‌లో మనిషి చూడకపోయినా తెరిచినట్టే నమోదవుతుంది. లింకు నొక్కినవారు, కొన్నవారు, వెళ్లిపోయినవారు, ఫిర్యాదు చేసినవారు – ఈ నాలుగు లెక్కలూ ఒక్కో మెయిల్‌కు విడివిడిగా రాసుకోవాలి. వెళ్లిపోయినవారిలో ఎక్కువమంది మూడో మెయిల్ దగ్గరే జారిపోయారని తేలితే, వచ్చే సంక్రాంతికి ఆ మెయిల్‌ను రెండో మెయిల్‌లో లింకు నొక్కి కొనకుండా ఆగిన ఐదారువందల మందికే పంపి చూడవచ్చు.