ఒక్కో తరంగాన్నీ విడదీసే సున్నా

ఇన్వర్టర్ కొనడానికి వెళితే షాపులో ముందుగా అడిగే ప్రశ్న, స్క్వేర్ వేవ్ కావాలా సైన్ వేవ్ కావాలా అని. స్క్వేర్ వేవ్‌ది చవక. కానీ కరెంటు పోయి దాని మీద నడుస్తున్నంతసేపూ ఫ్యాన్ గుయ్యిమంటూనే ఉంటుంది. కారణం ఆ తరంగం ఆకారంలోనే ఉంది. లైన్ కరెంటు సైన్ వక్రంలా మెల్లగా ఎక్కి మెల్లగా దిగుతుంది. స్క్వేర్ వేవ్ అలా కాదు. 10 మిల్లీసెకన్లు పైన నిలబడి, ఒక్కసారిగా కిందికి దూకి, ఇంకో 10 మిల్లీసెకన్లు అక్కడే ఉంటుంది. ఇలాంటి తరంగంలో 50 హెర్ట్జ్‌తో పాటు 150, 250, 350 హెర్ట్జ్ సైన్ తరంగాలు కూడా కలిసి ఉంటాయి. వీటినే హార్మోనిక్స్ అంటారు. ఫ్యాన్‌ను సాఫీగా తిప్పడానికి ఇవి పనికిరావు. మోటారును వేడెక్కించి, మోత పుట్టిస్తాయి.

150 హెర్ట్జ్ తరంగం బలం అసలు తరంగంలో సరిగ్గా మూడో వంతు, 250 హెర్ట్జ్‌ది అయిదో వంతు. అన్నీ కలగలిసి ఒకే ఆకారంగా కనిపిస్తుంటే, ఎవరి వాటా ఎంతో ఇంత కచ్చితంగా ఎలా తెలిసింది?

ఈ లెక్కను ఫ్రెంచి గణితవేత్త జోసెఫ్ ఫూరియర్ 1822లో అచ్చయిన తన ఉష్ణ సిద్ధాంత గ్రంథంలో చేశాడు. ఆయన తీసుకున్నదీ దాదాపు మన ఇన్వర్టర్ తరంగమే. పై మెట్టు నడిమధ్యన కోణం y సున్నా అనుకుందాం. మెట్టు ఎత్తు 1. దాన్ని కొసైన్ల మొత్తంగా రాయాలి:

1 = a cos y + b cos 3y + c cos 5y + …

ఫూరియర్ మొదట పట్టిన దారి చాలా కష్టమైనది. ఈ సమీకరణాన్ని మళ్లీ మళ్లీ అవకలనం చేసి, ప్రతిసారీ y స్థానంలో సున్నా పెట్టాడు. అనంతమైన తెలియని రాశులకు అనంతమైన సమీకరణాలు వచ్చాయి. అన్నీ ఒక్కసారిగా సాధించలేం కాబట్టి, ముందు కొన్ని పదాలే ఉన్నాయనుకుని సాధించాడు. మనమూ చేసి చూద్దాం. ఒక్క పదమే ఉంటే a విలువ 1. రెండు పదాలుంటే సమీకరణాలు a + b = 1, a + 9b = 0. ఇప్పుడు a విలువ 9/8, అంటే 1.125. మూడో పదం చేరిస్తే అదే a 1.172 అవుతుంది. కొత్త పదం చేరిన ప్రతిసారీ పాత జవాబులన్నీ మారిపోతున్నాయి. పదాల సంఖ్యను అనంతం దాకా తీసుకెళ్తే తప్ప a ఒక చోట నిలవదు. అక్కడ తేలే విలువ 4/π, సుమారు 1.273.

ఇంత శ్రమ పడ్డాక, అదే జవాబు రెండు పంక్తుల్లో వచ్చే దారిని కూడా ఆయన అదే పుస్తకంలో చూపించాడు. ఆయిలర్ 1777లోనే ఆ దారి తొక్కాడు గానీ, ఎలాంటి ఆకారానికైనా దాన్ని ధైర్యంగా వాడింది మాత్రం ఫూరియరే. ఆ దారికి ఆధారం ఒక చిన్న సంగతి.

ఒక పూర్తి ఆవర్తనంలో, అంటే 0 నుంచి 2π దాకా, cos y కింది వైశాల్యం సున్నా. గీత పైన ఎంత ఉందో కిందా అంతే ఉంది కాబట్టి. cos 2y, cos 3y, ఏ పూర్ణసంఖ్యతో రాసినా అంతే. ఇప్పుడు వేర్వేరు రెండు కొసైన్లను, ఉదాహరణకు cos y, cos 3y లను గుణించండి. ఇంటర్మీడియట్‌లో చదివిన త్రికోణమితి సూత్రం ప్రకారం ఆ లబ్ధం cos 2y, cos 4y ల మొత్తంలో సగం. ఆ రెండింటి వైశాల్యమూ సున్నాయే, కాబట్టి లబ్ధం వైశాల్యమూ సున్నాయే. ఏ రెండు వేర్వేరు తరంగాలను తీసుకున్నా ఇదే జరుగుతుంది. సైన్‌ను కొసైన్‌తో గుణిస్తే, రెండింటి ఫ్రీక్వెన్సీ ఒకటే అయినా సున్నాయే వస్తుంది. ఒక తరంగాన్ని దానితోనే గుణించినప్పుడు మాత్రం సూత్రంలో ఒక పదం cos 0, అంటే 1 అవుతుంది. ఆ వైశాల్యం సున్నా కాదు, π. ఈ గుణాన్నే లంబత్వం, ఆర్థోగొనాలిటీ అంటారు.

ఇక b కావాలనుకోండి. ఫూరియర్ సమీకరణాన్ని రెండు వైపులా cos 3y తో గుణించి, పూర్తి ఆవర్తనం మీద సమాకలనం చేయండి. కుడివైపు అనంతమైన పదాలున్నా, b ఉన్న పదం తప్ప మిగతావన్నీ సున్నాలై రాలిపోతాయి. మిగిలేది πb. ఎడమవైపు మన మెట్టు తరంగం ఉంది: −π/2 నుంచి π/2 దాకా 1, మిగతా సగంలో −1. మొదటి సగంలో cos 3y వైశాల్యం −2/3. రెండో సగంలో అది +2/3 గానీ, తరంగం విలువ −1 కాబట్టి అక్కడా −2/3 వస్తుంది. మొత్తం −4/3. దాన్ని πతో భాగిస్తే b = −0.424. ఇలాగే cos y తో చేస్తే a = 4/π. నిష్పత్తి సరిగ్గా మూడో వంతు! రుణ గుర్తు ఆ తరంగం తలకిందులుగా ఉందని మాత్రమే చెబుతుంది. cos 2y తో గుణిస్తే రెండు సగాల్లోనూ సున్నాయే వస్తుంది, అందుకే ఈ తరంగంలో 100 హెర్ట్జ్ ఉండదు.

ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా అందంగా కనిపించేది, a కోసం b గురించి గానీ c గురించి గానీ తెలియాల్సిన అవసరమే లేకపోవడం. అయిదు పదాలతో ఆపినా, అయిదు వందల దాకా వెళ్లినా a విలువ 1.273 దగ్గర కదలకుండా ఉంటుంది. మొదటి దారిలో 1, 1.125, 1.172 అంటూ పాకిన సంఖ్య ఇదే. జవాబును సరిచూసుకోవాలంటే శ్రేణిలో y = 0 పెట్టండి: 1 − 1/3 + 1/5 − 1/7 + … మొత్తం π/4 కావాలి. అవును, అంతే అవుతుంది. ఆ మొత్తం ఫూరియర్‌కు శతాబ్దాల ముందే కేరళలో మాధవుని సంప్రదాయానికి తెలుసు.

అయితే ఇదంతా పూర్తి ఆవర్తనం అనే షరతు మీద ఆధారపడి ఉంది. దాన్ని తప్పితే ఏమవుతుందో చూడండి. ఏ మచ్చా లేని 50 హెర్ట్జ్ సైన్ తరంగాన్ని 20 మిల్లీసెకన్లకు బదులు 25 మిల్లీసెకన్లు, అంటే ఒకటింబావు ఆవర్తనం, కొలిచామనుకుందాం. sin y ని sin 2y తో గుణించి 0 నుంచి 5π/2 దాకా సమాకలనం చేస్తే 2/3 వస్తుంది, సున్నా రాదు. దాన్ని కొలిచిన నిడివిలో సగంతో భాగిస్తే 0.17. లేని 100 హెర్ట్జ్ తరంగం అసలుదాంట్లో 17 శాతం ఉన్నట్టు లెక్క చెబుతుంది. విద్యుత్ నాణ్యతను కొలిచే పరికరాల్లో దీన్ని లీకేజీ అంటారు. పట్టుకోవడం కష్టమేమీ కాదు. కొలిచే నిడివి కాస్త మార్చి చూడాలి. నిజంగా ఉన్న హార్మోనిక్ దాదాపు అలాగే నిలుస్తుంది, లీకేజీ వల్ల పుట్టింది మాత్రం పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. అందుకే 50 హెర్ట్జ్ లైన్లకు అంతర్జాతీయ ప్రమాణం 10 పూర్తి ఆవర్తనాల కొలతను, అంటే సుమారు 200 మిల్లీసెకన్లను నిర్దేశించింది. గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 50 నుంచి కొంచెం జరిగితే పరికరం కూడా తన కొలత నిడివిని దానికి తగ్గట్టు జరుపుకోవాలి.

ఇంకో హద్దు కూడా ఉంది. ఒక ఆకారానికి ఇలాంటి శ్రేణి ఉంటే దాని గుణకాలు ఎంత ఉండాలో ఈ సున్నాలు చెబుతాయి. ఆ గుణకాలతో కూడిన మొత్తం తిరిగి అదే ఆకారాన్ని ఇస్తుందా అన్నది వేరే ప్రశ్న. ఫూరియర్ 1807లో తన వ్యాసాన్ని పారిస్‌లో సమర్పించినప్పుడు లాగ్రాంజ్ ఒప్పుకోకపోవడానికి మూలం అక్కడే. దానికి మొదటి గట్టి రుజువు 1829లో డిరిష్లే ఇచ్చాడు. మన మెట్టు తరంగానికి ఆయన జవాబు ఇది: తరంగం నిలకడగా ఉన్న ప్రతి చోటా మొత్తం దానికే చేరుతుంది, పైనుంచి కిందికి దూకే బిందువు దగ్గర మాత్రం 1కీ −1కీ నడుమ, సరిగ్గా సున్నా దగ్గర ఆగుతుంది.