సైట్ మారింది, కొందరికి ఇంకా పాతదే కనిపిస్తోంది

చీరాలలో చేనేత చీరలు అమ్మే ఒక దుకాణం తన వెబ్‌సైట్‌ను కొత్త సర్వర్‌కు మార్చిందనుకుందాం. శుక్రవారం రాత్రి 10 గంటలకు డొమైన్ సెట్టింగుల్లో 192.0.2.10 అనే పాత ఐపీ అడ్రస్ తీసేసి 203.0.113.25 పెట్టారు. యజమాని ఫోన్‌లో అరగంటకే కొత్త సైట్ వచ్చింది. హైదరాబాద్‌లో ఉన్న ఆయన మేనల్లుడికి మాత్రం తెల్లవారాక కూడా పాతదే కనిపిస్తోంది. హోస్టింగ్ వాళ్లకు ఫోన్ చేస్తే, "ప్రాపగేషన్ అవుతోందండీ, 48 గంటలు ఆగండి" అన్నారు.

ఆ మాట వింటే, మార్పు ఎక్కడో బయల్దేరి ఊరూరా తిరుగుతూ వస్తోందనిపిస్తుంది. నిజానికి ఏదీ తిరగదు. మార్పు జరిగిందని ఎవరూ ఎవరికీ కబురు పెట్టరు. సైట్ పేరుకు ఏ ఐపీ అడ్రస్ అన్న అసలు లెక్క అథారిటేటివ్ సర్వర్ దగ్గర ఉంటుంది. మన ఫోన్ దాన్ని నేరుగా అడగదు. ఇంటర్నెట్ కంపెనీ నడిపే రిజాల్వర్‌ను అడుగుతుంది. రిజాల్వర్ ఒకసారి అసలు చోట కనుక్కుని, వచ్చిన జవాబును తన క్యాష్‌లో దాచుకుంటుంది. ఎంతసేపు దాచుకోవచ్చో ఆ జవాబులోనే సెకన్లలో రాసి ఉంటుంది. అదే టీటీఎల్. 86400 అని ఉంటే ఒక రోజు.

చీరాల దుకాణం టీటీఎల్ కూడా 86400. మేనల్లుడి కంపెనీ రిజాల్వర్ శుక్రవారం రాత్రి 9.55కి, అంటే మార్పుకు 5 నిమిషాల ముందు, జవాబు తెచ్చుకుంది. శనివారం రాత్రి 9.55 దాకా మళ్లీ అడగాల్సిన పని దానికి లేదు. యజమాని వాడే కంపెనీ రిజాల్వర్ గురువారం రాత్రి 10.30కి తెచ్చుకుంది. దాని గడువు మార్పు జరిగిన అరగంటకే తీరిపోయింది. ఎవరు ఎంత దూరంలో ఉన్నారన్నదానితో దీనికి సంబంధం లేదు. ఎవరి రిజాల్వర్ చివరిసారి ఎప్పుడు అడిగిందన్నదే లెక్క.

దీన్ని కళ్లారా చూడొచ్చు. మేనల్లుడు శనివారం ఉదయం 8 గంటలకు కాస్త ముందు ల్యాప్‌టాప్‌లో ఈ కమాండ్ కొట్టాడు:

```
dig example.com A +noall +answer
example.com.  50388  IN  A  192.0.2.10
```

మధ్యలో ఉన్న 50388, పాత జవాబుకు ఇంకా మిగిలిన ఆయుష్షు. సుమారు 14 గంటలు. 10 నిమిషాలాగి మళ్లీ కొడితే 49788 వస్తుంది. అంకె ఇలా తగ్గుతోందంటే జవాబు క్యాష్‌లోంచి వస్తోందన్నమాట. అదే ప్రశ్న అథారిటేటివ్ సర్వర్‌నే అడిగితే ప్రతిసారీ నిండుగా 86400 చూపిస్తుంది, పక్కన కొత్త అడ్రస్‌తో. అక్కడ కూడా పాతదే ఉంటే ఇది క్యాష్ గొడవ కాదు, మార్పే సరిగా సేవ్ కాలేదు. ఎంత ఆగినా లాభం లేదు.

ఈ పాటికి చాలామంది కంగారుపడి టీటీఎల్‌ను 300కి తగ్గిస్తారు. అది ఆలస్యమైన మందు. మేనల్లుడి రిజాల్వర్ దగ్గరున్న కాపీకి పాత గడువే రాసి ఉంది. కొత్త గడువు దానికి తెలియాలంటే అది మళ్లీ అడగాలి, అడగాలంటే పాత గడువు తీరాలి. అందుకే తగ్గించే పని మార్పుకు కనీసం ఒక పాత టీటీఎల్ ముందు, అంటే ఇక్కడ గురువారం రాత్రి 10 గంటలకల్లా, జరగాలి. అప్పుడు శుక్రవారం రాత్రికి దాదాపు అందరి దగ్గరా 5 నిమిషాల కాపీలే ఉంటాయి. అంతా కుదురుకున్నాక మళ్లీ పెంచుకోవచ్చు.

హోస్టింగ్ వాళ్లు చెప్పే 48 గంటలు మరీ ఉత్తమాట కాదు. ఐపీ అడ్రస్ కాకుండా నేమ్ సర్వర్లనే మారిస్తే కథ వేరు. .com పేర్లకు ఆ సమాచారం పై స్థాయిలో ఉన్న .com సర్వర్లు ఇస్తాయి, దాని టీటీఎల్ 172800 సెకన్లు. సరిగ్గా 2 రోజులు. దాన్ని తగ్గించడం మన చేతిలో లేదు. కాబట్టి పాత నేమ్ సర్వర్లలో కూడా కొత్త ఐపీ అడ్రస్‌నే రాసి, రెండు రోజులు వాటిని అలాగే ఉంచాలి. ఎవరు ఎవరిని అడిగినా ఒకే జవాబు వస్తుంది. ఐపీ అడ్రస్ ఒక్కటే మార్చిన దుకాణానికి ఈ 48 గంటల లెక్క వర్తించదు.

కంప్యూటర్‌కూ బ్రౌజర్‌కూ సొంత క్యాష్‌లు ఉంటాయి. విండోస్‌లో `ipconfig /flushdns` కొడితే కంప్యూటర్‌లోది పోతుంది, కంపెనీ రిజాల్వర్‌లోది పోదు. మేనల్లుడు దాన్ని ఎన్నిసార్లు కొట్టినా ఫలితం లేనిది అందుకే. టీటీఎల్‌ను పట్టించుకోకుండా ఇంకాస్త ఎక్కువసేపు దాచుకునే రిజాల్వర్లు కూడా లేకపోలేదు.

అసలు నష్టం పాత పేజీ కనబడటం కాదు. శనివారమంతా పాత సర్వర్‌కు వెళ్లినవాళ్లు అక్కడే చీర ఆర్డర్ పెడతారు. ఆ ఆర్డర్ పాత డేటాబేస్‌లో పడుతుంది, దుకాణం వాళ్లు చూసేది కొత్తదాన్ని. పాత సర్వర్‌ను ఆపేస్తే మేనల్లుడిలాంటివాళ్లకు సైటే తెరుచుకోదు. అందుకని దాన్ని ఆపకుండా, వచ్చిన ప్రతి రిక్వెస్ట్‌నూ కొత్త సర్వర్‌కు మళ్లించేలా పెట్టాలి. దాని లాగ్‌లో మనుషుల రాక నిలిచిపోయి, సెర్చ్ కంపెనీల బాట్లు మాత్రమే మిగిలినప్పుడు ఆపేయొచ్చు.