ఒకటి నొక్కాలా, రెండు నొక్కాలా?

ఒక రాత్రి కరెంటు పోయింది. పక్కింటి పిన్నిగారు ఫిర్యాదు చేద్దామని ఫోన్ చేసి, కాసేపటికి మా గుమ్మంలోకి వచ్చారు. "చూడమ్మా, ఒకటి నొక్కమంది, నొక్కాను. బిల్లు బాకీ ఎంతో చెబుతోంది" అన్నారు. మళ్లీ చేసి స్పీకర్ పెట్టి విన్నాను. అవతలి గొంతు ఇలా చదివింది: "బిల్లు వివరాలకు... ఒకటి నొక్కండి కరెంటు పోతే... రెండు నొక్కండి కొత్త కనెక్షన్‌కు... మూడు నొక్కండి."

పిన్నిగారి తప్పేమీ లేదు. "ఒకటి నొక్కండి కరెంటు పోతే" అన్నది మనం రోజూ మాట్లాడే తెలుగే. మాటల్లో క్రియ ముందొచ్చి, షరతు తర్వాత రావడం మనకు మామూలు. అందుకే విరామం ఎక్కడ పడితే చెవి అక్కడ ముడి వేసుకుంటుంది. ఆ మెనూ రాసినవాళ్లు మాటలు సరిగ్గానే రాశారు, ఆగడం మాత్రం తప్పు చోట పెట్టారు.

ఇలాంటి ఫోన్ మెనూలకు మాటలు రాయడం నా పని. మనిషి గొంతు రికార్డు చేస్తే ఎక్కడ ఆగాలో ఆ మనిషికే తెలుస్తుంది. కానీ బిల్లు మొత్తం, ఫిర్యాదు నంబరు ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటాయి కాబట్టి రాసిన వాక్యాన్ని అప్పటికప్పుడు యంత్రం గొంతుగా మారుస్తుంది. దానికి అర్థం తెలిసే పనిలేదు. కామా, చుక్క, మనం పెట్టిన గుర్తులు, వీటిని బట్టే ఎక్కువగా ఆగుతుంది. ఆ గుర్తుల కోసం ఎస్‌ఎస్‌ఎంఎల్ అనే పద్ధతి ఉంది. వెబ్ ప్రమాణాలు తయారుచేసే డబ్ల్యూ3సీ దీన్ని 2004లో ఖరారు చేసింది. పిన్నిగారు విన్న మెనూను దానితో ఇలా సరిచేయొచ్చు:

```xml
<speak>
కరెంటు పోతే <break time="200ms"/> ఒకటి నొక్కండి.
<break time="900ms"/>
బిల్లు వివరాలకు <break time="200ms"/> రెండు నొక్కండి.
</speak>
```

ఎక్కువ మంది అడిగేది ముందుకు వచ్చింది. పనికీ అంకెకీ మధ్య సెకనులో ఐదో వంతు, "నొక్కండి" తర్వాత దాదాపు ఒక సెకను. ఈ రెండు విరామాల మధ్య తేడా స్పష్టంగా వినపడితేనే ఏ పనికి ఏ అంకెో చెవి పట్టుకుంటుంది. చివరి విరామానికి ఇంకో పనీ ఉంది. ఇప్పటి ఫోన్లలో అంకె నొక్కాలంటే ఫోన్‌ను చెవి దగ్గర నుంచి దించి, కీప్యాడ్ తెరవాలి. ఆ కాస్త సమయంలో గొంతు ముందుకు పోతే తర్వాతి మాటలు వినపడవు. అలాగని మధ్యలో రెండు మూడు సెకన్లు మౌనంగా ఉంచితే, లైను తెగిందేమోనని జనం "హలో, హలో" అంటారు, పెట్టేస్తారు. పెద్ద విరామం మెనూ అంతా అయ్యాకే ఉండాలి. అప్పుడు ఐదారు సెకన్లు ఆగి, ఏమీ నొక్కకపోతే మొదటి నుంచి చదవాలి.

అక్కర్లేని చోట ఆగడం కూడా ఉంటుంది. "రూ. 1,240" అని రాస్తే, కొన్ని యంత్రాలు ఆ చుక్కను వాక్యం ముగిసినట్టు తీసుకుంటాయి. "మీ బిల్లు రూ" అని ఆగి, ఊపిరి తీసుకున్నట్టుగా మిగతాది చదువుతాయి. "1240 రూపాయలు" అని రాస్తే ఆ చిక్కు ఉండదు.

అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది ఫిర్యాదు నంబరు. 40729186 అని వదిలేస్తే యంత్రం "నాలుగు కోట్ల ఏడు లక్షల ఇరవై తొమ్మిది వేల నూట ఎనభై ఆరు" అని చదివేయొచ్చు. ఆ మాటలు విని అంకెలుగా ఎవరు రాసుకోగలరు? ఒక్కో అంకెనూ మాటల్లోనే రాసి, నాలుగేసి అంకెలకు ఒకసారి ఆపాలి:

```xml
<speak>
మీ ఫిర్యాదు నంబరు <break time="700ms"/>
నాలుగు, సున్నా, ఏడు, రెండు <break time="1200ms"/>
తొమ్మిది, ఒకటి, ఎనిమిది, ఆరు.
</speak>
```

నంబరుకు ముందున్న విరామం పెన్ను అందుకోవడానికి, మధ్యలోది రాసింది ముగించడానికి. నంబరును రెండోసారి కూడా చదివించాలి.

ఈ అంకెలన్నీ మొదటి అంచనాలే. ఒకే గుర్తుకు ఒక్కో యంత్రం కాస్త భిన్నంగా ఆగుతుంది. వాక్యం చివర చుక్క ఉంటే కొన్ని దాని విరామాన్నీ కలిపేస్తాయి. కంప్యూటర్ స్పీకర్లో బాగున్నది ఫోన్లో బాగుండకపోవచ్చు కూడా. మామూలు ఫోన్ లైను సన్నని, లోతైన ధ్వనులను చాలావరకు కోసేస్తుంది. అందుకే నేను చివరి పరీక్ష ఫోన్లోనే చేస్తాను. ఈసారి పిన్నిగారి చేతికే కాగితం, పెన్ను ఇచ్చి, ఫోన్ కలిపి, ఆవిడ చేతినే చూస్తూ కూర్చున్నాను. "రెండు" రాయడం ఇంకా పూర్తికాకముందే "తొమ్మిది" వచ్చేసింది. మధ్య విరామాన్ని 1500 మిల్లీసెకన్లకు పెంచాను. మళ్లీ విన్నారు. పెన్ను ఒక క్షణం ఖాళీగా ఆగింది, ఆ తర్వాతే "తొమ్మిది" వినపడింది.