గిట్ పుష్ మధ్యలో ఆగితే తప్పు ఐపీవీ6దా, దారిదా?

ప్రోగ్రామర్లు రాసిన కోడ్‌ను దాచుకోవడానికి, మార్పుల చరిత్రతో సహా పంచుకోవడానికి వాడే సాధనం గిట్. మన కంప్యూటర్‌లోని మార్పులను సర్వర్‌కు ఎక్కించే పనిని పుష్ అంటారు. ఆదేశం ఇవ్వగానే తెరమీద లెక్కపెట్టడం, కుదించడం చకచకా జరిగిపోతాయి. ఆ తర్వాత `Writing objects` అన్న వరుస వస్తుంది. కొందరికి అది ఏ 30 శాతం దగ్గరో, కొందరికి నూరు శాతం చూపించాకో అక్కడే ఆగిపోతుంది. ఎర్రర్ రాదు, కర్సర్ కదలదు. లినక్స్‌లో మామూలు అమరికలతో వదిలేస్తే, కనెక్షన్ పోయిందని సిస్టమ్ ఒప్పుకోవడానికి దాదాపు పావుగంట పడుతుంది.

ఎవరిని అడిగినా రెండు సలహాలు ముందుగా వస్తాయి. ఒకటి `http.postBuffer` విలువ పెంచమని. పుష్ సమస్యల్లో ఎక్కువ వాటికి ఇది మందు కాదని గిట్ సొంత డాక్యుమెంటేషనే చెబుతోంది. రెండోది ఐపీవీ6 ఆపేయమని. ఇది చాలాసార్లు పనిచేస్తుంది, చిక్కూ అక్కడే ఉంది. పనిచేసింది కాబట్టి తప్పు ఐపీవీ6దేనని తేల్చేస్తాం. అసలు తప్పు దారిలో ఎక్కడో అలాగే ఉండిపోతుంది, రేపు మరో రూపంలో ఎదురవుతుంది.

ముందు ఆ నూరు శాతం సంగతి. అది సర్వర్‌కు చేరిన లెక్క కాదు, గిట్ తన చేతిలోంచి కిందికి వదిలిన లెక్క. హెచ్‌టీటీపీఎస్ మీద పంపేటప్పుడు మామూలుగా 1 ఎంబీ దాకా డేటా మెమరీలోనే పోగవుతుంది. ఎస్‌ఎస్‌హెచ్ అయితే ఆ ప్రోగ్రామ్‌కూ ఆపరేటింగ్ సిస్టమ్‌కూ వేరువేరు బఫర్లు ఉంటాయి. చిన్న పుష్ అయితే ఒక్క బైటు కూడా సర్వర్‌కు చేరకముందే నూరు శాతం కనిపించవచ్చు. కాబట్టి శాతం చూసి ఏదీ నిర్ణయించలేం.

నిర్ణయించగలిగేది సాకెట్ చూసి. పుష్ ఆగి ఉండగానే మరో టెర్మినల్ తెరిచి ఈ ఆదేశం ఇవ్వాలి.

```
ss -tni
```

సర్వర్ చిరునామా ఉన్న వరుసలో `Send-Q` అనే అంకె ఉంటుంది. మనం పంపినా అవతలివైపు నుంచి ఇంకా రసీదు రాని బైట్లవి. కొన్ని సెకన్ల తేడాతో రెండు మూడుసార్లు చూడండి. రసీదు అందిన బైట్ల లెక్క `bytes_acked` పెరుగుతూ ఉంటే లైను నెమ్మదిగా ఉందంతే, ఓపిక పట్టాలి. `Send-Q` సున్నా అయితే డేటా అంతా అవతలికి చేరిపోయింది. సర్వర్ తన లోపలి పనిలో ఉంది, నెట్‌వర్క్‌ను అనుమానించక్కర్లేదు. రెండు అంకెలూ కదలక, కింది వరుసలో `backoff` విలువ పెరుగుతూ పోతుంటే మాత్రం పంపిన ప్యాకెట్లే మళ్లీ మళ్లీ పంపుతూ, ప్రతిసారీ రెట్టింపు సేపు ఆగుతోందని అర్థం. అసలు జబ్బు ఇదే. అదే వరుసలో చిరునామాలో కోలన్లు ఉంటే వాడుతున్నది ఐపీవీ6, చుక్కలతో విడదీసిన నాలుగు అంకెలైతే ఐపీవీ4. సర్వర్‌కు ఐపీవీ6 చిరునామా అసలు ఉందో లేదో `dig +short AAAA` పక్కన సర్వర్ పేరు రాసి చూడవచ్చు. ఖాళీగా వస్తే, ఆ సర్వర్ విషయంలో ఐపీవీ6 మీద నేరం మోపడం సాధారణంగా కుదరదు.

ప్యాకెట్లు చేరకపోవడానికి తరచూ కనిపించే కారణం వాటి పరిమాణం. ఈథర్‌నెట్‌లో ఒక ప్యాకెట్ 1500 బైట్ల దాకా ఉండవచ్చు. దీన్ని ఎంటీయూ అంటారు. ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌లో పీపీపీఓఈ లాగిన్ ఉంటే అందులో 8 బైట్లు దానికే పోయి 1492 మిగులుతాయి. వీపీఎన్, టనెల్ లాంటివి ఉంటే ఇంకా తగ్గుతుంది. రైల్వే గేటు ముందు ఎత్తు కొలిచే ఇనుప కమ్మీ కింద స్కూటర్లు హాయిగా పోతాయి, నిండు లోడు లారీ ఆగిపోతుంది. కనెక్షన్ మొదలుపెట్టే మాటలు, పాస్‌వర్డ్ పరీక్ష, బ్రాంచిల జాబితా అన్నీ చిన్న ప్యాకెట్లు. పుష్‌లో అసలు సరుకు కదిలేసరికి నిండు ప్యాకెట్లు బయల్దేరతాయి. అందుకే `git ls-remote` బాగా పనిచేస్తుంది, ఒక్క వరుస మార్చిన కమిట్ వెళ్లిపోతుంది, పెద్ద కమిట్ మాత్రం ఆగుతుంది. డౌన్‌లోడ్ దిశలో ప్యాకెట్ పరిమాణం వేరుగా నిర్ణయమవుతుంది కనుక ఫెచ్‌కు ఏ ఇబ్బందీ ఉండకపోవచ్చు.

ఇక్కడే రెండు ప్రోటోకాల్‌ల మధ్య తేడా తెలియాలి. ఐపీవీ6లో దారిలోని రూటర్లు ప్యాకెట్‌ను ముక్కలు చేయవు. పట్టకపోతే పారేసి, 'ప్యాకెట్ పెద్దదైంది, నాకు పట్టేది ఇంత' అని పంపినవారికి ఐసీఎంపీవీ6 టైప్ 2 సందేశం పంపాలి. మన కంప్యూటర్ అది అందుకుని చిన్నవి పంపాలి. భద్రత పేరుతో ఎవరైనా ఐసీఎంపీ మొత్తాన్ని అడ్డుకుంటే ఆ కబురు రాదు. మనం అదే పెద్ద ప్యాకెట్‌ను పంపుతూనే ఉంటాం. ఈ స్థితినే నెట్‌వర్క్ ఇంజినీర్లు బ్లాక్‌హోల్ అంటారు. ఐపీవీ4లోనూ ఇవాళ టీసీపీ ప్యాకెట్లు సాధారణంగా 'ముక్కలు చేయవద్దు' అన్న గుర్తుతోనే వెళ్తాయి కాబట్టి జబ్బు అక్కడా రావాల్సిందే. రాకపోవడానికి కారణం, చాలా రూటర్లు కనెక్షన్ మొదట్లోనే ఎంఎస్‌ఎస్ అనే అంకెను తగ్గించి రాసి, రెండు చివరలూ చిన్న ప్యాకెట్లే పంపేలా చేయడం. దీన్ని ఎంఎస్‌ఎస్ క్లాంపింగ్ అంటారు. కొన్ని చోట్ల ఆ నియమం ఐపీవీ4కే రాసి, ఐపీవీ6కు రాయరు. అప్పుడు ఒకే తీగ మీద ఒకటి నడుస్తుంది, ఒకటి ఆగుతుంది.

బ్రౌజర్లు, కర్ల్ లాంటివి రెండు ప్రోటోకాల్‌లలో ముందు కలిసినదాన్ని ఎంచుకుంటాయి, 'హ్యాపీ ఐబాల్స్' అనే ఆ పద్ధతిని ప్రమాణంగా 2012లో రాసి, 2017లో సవరించారు. అది చూసేది తొలి పలకరింపు వరకే. పలకరింపు చిన్న ప్యాకెట్లతో అయిపోతుంది కాబట్టి బ్లాక్‌హోల్ దాని కంట పడదు.

ఇక పరీక్ష. గిట్ 2.8 నుంచి పుష్‌కు `-4`, `-6` అనే ఆప్షన్లు ఉన్నాయి. వాటిని వాడటంలో జనం తప్పే చోటు ఒకటుంది. ముందు `-4`తో పంపితే డేటా చేరిపోతుంది. తర్వాత `-6` ఇస్తే పంపడానికి ఏమీ మిగలదు, వెంటనే ముగుస్తుంది. రెండూ బాగున్నట్టు కనిపిస్తాయి. అందుకే విడిగా ఒక బ్రాంచి తీసి, కుదించడానికి వీల్లేని కొత్త డేటాతో, అనుమానం ఉన్నదాన్నే ముందు పరీక్షించాలి.

```
git switch -c net-test
head -c 3000000 /dev/urandom > net-test.bin
git add net-test.bin
git commit -m "net test"
git push -6 origin net-test
```

ఆగిపోతే కంట్రోల్-సి నొక్కి, అదే కమిట్‌ను `-4`తో పంపండి. `-6` పూర్తయితే మాత్రం ఫైలును మళ్లీ కొత్తగా తయారుచేసి, కమిట్ చేశాకే `-4` ప్రయత్నించాలి. అటూ ఇటూ మార్చి కొన్నిసార్లు చేస్తే గానీ ఫలితాన్ని నమ్మకూడదు. పని అయ్యాక ఆ బ్రాంచిని సర్వర్ మీద తీసేయాలి. ఎస్‌ఎస్‌హెచ్‌లో `ControlMaster` పెట్టుకున్నవారికి మరో జాగ్రత్త: అది పాత కనెక్షన్‌నే మళ్లీ వాడుతుంది, మీరు ఇచ్చిన `-4`ను పట్టించుకోదు. `ssh -O exit` పక్కన సర్వర్ పేరు రాసి ముందు దాన్ని మూసేయండి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాద్‌లో ఇంటి నుంచి పనిచేసే ఒక డెవలపర్‌కు `-6` ప్రతిసారీ ఆగుతోంది, `-4` ప్రతిసారీ వెళ్తోంది. చాలామంది ఇక్కడే తీర్పు చెప్పేస్తారు. కానీ ఇప్పటిదాకా తెలిసింది, ఐపీవీ6 వాడినప్పుడు ఆగుతోందని మాత్రమే. ప్రోటోకాల్‌ను మార్చకుండా, పరిమాణం ఒక్కదాన్నే మార్చి చూడాలి.

```
ping -6 -M do -s 1000 git.example.org
ping -6 -M do -s 1452 git.example.org
ping -6 -M do -s 1444 git.example.org
```

సర్వర్ పేరు మీది పెట్టుకోండి. ఐపీవీ6 హెడర్‌కు 40, పింగ్‌కు 8 బైట్లు పోతాయి కాబట్టి 1452 అంటే నిండు 1500, 1444 అంటే 1492. మొదటి చిన్న పింగ్‌కే జవాబు రాకపోతే ఆ సర్వర్ పింగ్‌లకు పలకదన్నమాట, ఈ పరీక్ష చెల్లదు. మన ఉదాహరణలో 1000కి జవాబు వచ్చింది, 1444కీ వచ్చింది, 1452కి మాత్రం నిశ్శబ్దం. ప్యాకెట్ పెద్దదైందన్న సందేశం తెరమీద కనిపించి ఉంటే కబురు అందుతోందని, దారి ఆరోగ్యంగా ఉందని అనుకోవచ్చు. జవాబూ లేదు, కబురూ లేదు కాబట్టి అనుమానం బ్లాక్‌హోల్ మీదికి మళ్లుతుంది.

రుజువు కోసం కంప్యూటర్ ఎంటీయూను తాత్కాలికంగా తగ్గించాలి. `wlp2s0` స్థానంలో మీ నెట్‌వర్క్ కార్డు పేరు రాయండి.

```
sudo ip link set dev wlp2s0 mtu 1492
```

ఇప్పుడు కొత్త డేటాతో `git push -6` ఇస్తే నిమిషంలోపే వెళ్లిపోయింది. అదే ఐపీవీ6, అదే సర్వర్, అదే రూటర్. మారింది 8 బైట్లే. కాబట్టి నేరం ప్రోటోకాల్‌ది కాదు, దారిది. దారి కొలత తెలియనప్పుడు 1280 పెట్టి చూడవచ్చు, ఐపీవీ6 నడిచే ప్రతి లింకూ కనీసం అంత మోయాలని ప్రమాణం. అంతకంటే దించితే లినక్స్ ఆ కార్డు మీద ఐపీవీ6నే ఆపేస్తుంది. 1280 దగ్గర కూడా `-6` ఆగుతూ, `-4` వెళ్తుంటే అప్పుడు ఐపీవీ6 మార్గాన్నే అనుమానించాలి. రెండూ పెద్ద పరిమాణంలో ఆగి, తగ్గించగానే రెండూ వెళ్తే చూడాల్సింది వీపీఎన్ వైపు.

మొబైల్ హాట్‌స్పాట్ పెట్టి చూడటం మంచి అలవాటే. అక్కడ పనిచేస్తే తప్పు గిట్‌లో, సర్వర్‌లో కాక ఇంటి నుంచి వెళ్లే దారిలో ఉందని బలంగా అనుకోవచ్చు. అయితే మన దేశంలో మొబైల్ నెట్‌వర్కుల మీద ఐపీవీ6 వాడకం చాలా ఎక్కువ. కొన్నింటిలో ఐపీవీ4 ప్యాకెట్లే ఐపీవీ6లోకి అనువాదమై ప్రయాణిస్తాయి. అందుచేత హాట్‌స్పాట్ మీద `-4` పనిచేయడాన్ని, ఐపీవీ6 దోషి అనడానికి సాక్ష్యంగా తీసుకోకూడదు.

శాశ్వత చికిత్స రూటర్‌లో ఉంది. ఐపీవీ6కు కూడా ఎంఎస్‌ఎస్ క్లాంపింగ్ పెట్టాలి, లేదా ఇంటిలోని పరికరాలకు 1492 అన్న ఎంటీయూను రూటరే ప్రకటించేలా అమర్చాలి. ఫైర్‌వాల్‌లో ఐసీఎంపీవీ6 టైప్ 2ను అనుమతించాలి, మీ సొంత ల్యాప్‌టాప్ ఫైర్‌వాల్ దాన్ని అడ్డుకుంటోందేమో ముందు చూసుకోండి. రూటర్ మీ చేతిలో లేకపోతే లినక్స్‌లో `net.ipv4.tcp_mtu_probing` విలువ 1 చేస్తే, రసీదులు ఆగినప్పుడు టీసీపీయే చిన్న ప్యాకెట్లు ప్రయత్నిస్తుంది. పేరులో ఐపీవీ4 అని ఉన్నా ఈ అమరిక ఐపీవీ6కూ వర్తిస్తుంది.

సర్వీస్ ప్రొవైడర్‌కు ఫిర్యాదు చేయాల్సి వస్తే 'గిట్ పనిచేయడం లేదు' అని రాయకండి. ఐపీవీ6లో 1444 పింగ్‌కు జవాబు వస్తోంది, 1452కి జవాబూ లేదు, టైప్ 2 సందేశమూ లేదు, ఎంటీయూ 1492 చేస్తే అప్‌లోడ్ సాగుతోంది అని, పరీక్షించిన సమయం, సర్వర్ చిరునామాతో సహా రాయండి.