బోల్తా పడ్డాక తాళం తిప్పొద్దు!

వాలు చేలో అడ్డంగా దున్నుతుంటే ట్రాక్టర్ పైచక్రం రాయెక్కింది, కిందిచక్రం సాల్లో దిగింది. అంతే, బోల్తా! డ్రైవర్ క్షేమమే అనుకుందాం. యజమాని వెంటనే బండిని లేపించబోతాడు. ఆగండి! ముందు బీమా కంపెనీకి ఫోన్ చేసి, వాలు, చక్రాల జాడలు కనిపించేలా ఫొటోలు తీయండి. సర్వేయర్ అడిగేవి అవే.

అసలు చిక్కు లేపాకే. పక్కకు పడి ఉన్నప్పుడు ఇంజిన్ ఆయిల్ సిలిండర్లలోకి చేరొచ్చు. అలాగే స్టార్ట్ చేస్తే నూనె గాలిలా అణగదు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఆ నష్టం ప్రమాదంతో కాదు, మీ తొందరతో వచ్చిందని కంపెనీ వాదించొచ్చు. మెకానిక్‌తో ఇంజెక్టర్లు విప్పించి, ఇంజిన్‌ను చేత్తో తిప్పించి నూనె బయటికి తీయించాలి. ఇక రిపోర్టులో ఉన్నదున్నట్టే రాయాలి... మడ్‌గార్డు మీద ఎవరైనా కూర్చున్నా సరే!