‘మీకు’ అన్న ఒక్క మాట: గొడవ వార్త కింద కామెంట్ ఎలా పెట్టాలి?

కాకినాడ నుంచి మళ్ళీ మీ ముందుకొచ్చేశాను. ఈ రోజు నేను పెట్టిన ఒక తప్పు కామెంట్ గురించి చెప్తాను.

2022 ఏప్రిల్ 4న మన తూర్పు గోదావరి నుంచి కోనసీమ జిల్లా విడిపోయింది కదా. మే 18న ప్రభుత్వం ఆ జిల్లా పేరుని డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమగా మారుస్తామని ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చింది. అభ్యంతరాలు, సూచనలు ఉంటే చెప్పడానికి 30 రోజులు టైమ్ ఇచ్చింది. మే 24న అమలాపురంలో నిరసన కాస్తా హింసగా మారింది. మంత్రి పినిపే విశ్వరూప్, ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ ఇళ్లకు నిప్పు పెట్టారు. కోనసీమలో కొన్ని రోజులు మొబైల్ నెట్ ఆపేశారు.

నేను అప్పుడు సాఫ్ట్‌వేర్ జాబ్‌లో ఉన్నాను. మంటల ఫోటో ఉన్న ఒక న్యూస్ పోస్ట్ కింద ఇలా రాసి పారేశాను: “మీకు చదువు లేదు కాబట్టే తగలబెడతారు. సిగ్గుండాలి.” లైకులు బాగానే వచ్చాయి. నెట్ వచ్చాక, బీటెక్‌లో నా పక్కనే కూర్చున్న కోనసీమ ఫ్రెండ్ మెసేజ్ పెట్టాడు: “మీకు అంటే ఎవరికిరా? మా అమ్మ ఆ రోజు తలుపులేసుకుని ఇంట్లో కూర్చుంది.” నా దగ్గర సమాధానం లేదండి.

ఇప్పుడు ఆ కామెంట్‌ని మనం బగ్ వెతికినట్టు వెతుకుదాం.

మొదటి బగ్ ‘మీకు’. నిప్పు పెట్టింది కొంతమంది. నా ‘మీకు’ మాత్రం ఊరందరికీ తగిలింది. కులం సంగతి నలుగుతున్న వార్త కింద ‘మీరు’, ‘వాళ్ళు’, ‘మీ వాళ్ళు’ అంటే చదివేవాడు తన కులం పేరే అక్కడ పెట్టుకుని చదువుకుంటాడు. మనం కులం పేరు రాయక్కర్లేదు. అందుకే ఆ మాట తీసేసి, పని చేసినవాళ్ళని పనితోనే చెప్పాలి: “ఇళ్లకు నిప్పు పెట్టినవాళ్ళు”.

రెండోది ‘చదువు లేదు కాబట్టే’. నిప్పు పెట్టినవాళ్ళు ఏం చదివారో నాకేం తెలుసు? ఆ వార్తలో లేదు. కారణం తెలియనప్పుడు రాయకూడదు, అంతే.

మూడోది ‘సిగ్గుండాలి’. దానికి అవతలివాడు తిరిగి తిట్టడం తప్ప ఇంకేం చెప్పగలడు? దాని బదులు జవాబు చెప్పగలిగే ప్రశ్న పెట్టండి.

బగ్స్ తీసేశాక కామెంట్ ఇలా ఉంటుంది: “ఇళ్లకు నిప్పు పెట్టినవాళ్ళు చేసింది తప్పు. పేరు మార్పు మీద అభ్యంతరం చెప్పడానికి 30 రోజులు ఉంది. ఎవరైనా రాసి ఇచ్చారా? ఎలా ఇచ్చారో చెప్తారా?” చూడండి, నా అభిప్రాయం ఎక్కడా తగ్గలేదు. పేరు మార్పుకి అనుకూలమైనా, వ్యతిరేకమైనా ఇదే పద్ధతిలో రాయొచ్చు.

మన తెలుగులో ఇంకో చిక్కుంది. తెలియని మనిషిని ‘నువ్వు’, ‘రా’ అంటే విషయం ఎంత కరెక్టైనా గొడవ అక్కడే మొదలవుతుంది. వెటకారంగా ‘మేధావి గారూ’ అన్నా అంతే. మన గోదావరి ‘అండి’ వాడండి, కానీ నిజంగా వాడండి.

ఎవరైనా రెచ్చగొడితే? ఒక్కసారి విషయం మీద జవాబిచ్చి ఆపేయండి. రిప్లైలు పెరిగేకొద్దీ ఆ తిట్టు కామెంటే పైకి వచ్చి ఇంకా ఎక్కువమందికి కనిపించే అవకాశం ఉంటుంది. మీరు రాసింది తప్పని తెలిస్తే గుట్టుగా ఎడిట్ చేయొద్దు. ఫేస్‌బుక్‌లో కామెంట్ ఎడిట్ హిస్టరీ ఎవరైనా చూడొచ్చు. “పైన నేను రాసింది తప్పు, సరిచేశాను” అని ఒక లైన్ చేర్చండి. డిలీట్ చేసినా స్క్రీన్‌షాట్ తీసినవాడి దగ్గర అది ఉంటుంది.

చట్టం సంగతి కూడా ఒక మాట. ప్రభుత్వ నిర్ణయం తప్పు అనడం వేరు, కులాల మధ్యో మతాల మధ్యో పగ పెంచేలా రాయడం వేరు. రెండోదానికి భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 196 కింద 3 ఏళ్ల వరకు జైలు పడొచ్చు.

ఇంకొకటి, గొడవ జరుగుతున్న గంటల్లో అసలు కామెంటే పెట్టకపోవడం మేలు. ఎవరు చేశారో, ఎందుకు చేశారో అప్పటికి ఎవరికీ సరిగ్గా తెలీదు. పైగా ఆ ఊళ్ళో నెట్ ఆపేస్తే, మీరు ఎవరి గురించి రాస్తున్నారో వాళ్ళు జవాబు కూడా చెప్పుకోలేరు. నా ఫ్రెండ్‌కి జరిగింది అదే.

మర్యాదగా రాసినదానికి లైకులు తక్కువే వస్తాయండి, అది ఒప్పుకోవాలి. నా పాత కామెంట్‌కి వచ్చినన్ని లైకులు నాకు మళ్ళీ రాలేదు. 2022 ఆగస్టులో జిల్లా పేరు ఖరారైంది, వార్త పాతబడిపోయింది. నా ఫ్రెండ్ మళ్ళీ మామూలుగా మాట్లాడటానికి మాత్రం ఇంకో ఏడాది పట్టింది.

మీరు పెడదామనుకుని ఆగిపోయిన కామెంట్ ఏదైనా ఉంటే కింద రాయండి, వచ్చే ఎపిసోడ్‌లో దాని బగ్స్ కలిసి చూద్దాం. ఉంటానండి మరి.