కంప్యూటరు పెట్టె ఎక్కడ ఉండాలి?

మా ఇంట్లో రాతబల్ల కింద ఒక అర ఉంది. కంప్యూటరు టవరు కోసమే వడ్రంగి చేత చేయించాము. మూడు వైపులా చెక్క, ముందు తలుపు. చూపుకు ముచ్చటగానే ఉండేది. కాని వేసవి వచ్చేసరికి లోపలి ఫ్యానులు హోరుమనసాగాయి. పని నత్తనడక పట్టింది. యంత్రం ముసలిదైంది కాబోలు అనుకున్నాము.

అసలు సంగతి ఒక చిన్న థర్మామీటరు వలన బయటపడింది. గదిలో 32 డిగ్రీలు. టవరు ముందు, గాలి పీల్చుకొనే చోట పెట్టి చూస్తే 43! అంటే వెనుకనుంచి వదిలిన వేడిగాలి పోవడానికి దారిలేక, అరలోనే తిరిగి మళ్ళీ ముందుకు వస్తున్నదన్నమాట. అరగంట బరువైన పని చేయించగా ప్రాసెసరు 92 డిగ్రీలకు చేరింది. అంత వేడెక్కినప్పుడు అది తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. నత్తనడకకు కారణం అదే.

టవరును అరలోంచి తీసి బల్ల పక్కన, వెనుక గోడకు జానెడు ఎడంగా ఉంచాము. గది వేడి అంతే, పని అంతే. ముందు గాలి 33కు, ప్రాసెసరు 82కు దిగాయి. లోపలికి పోయే గాలి పది డిగ్రీలు చల్లబడితే ప్రాసెసరు కూడ ఇంచుమించు అంతే చల్లబడిందన్నమాట. కాని గది వేడికన్న చల్లగా మాత్రం ఏ ఫ్యానూ చేయలేదు.

ఇక నేల సంగతి. పెట్టెను పడుకోబెట్టి చూస్తే అడుగునున్న జల్లెడకు దుమ్ము దళసరి గుడ్డలా పట్టి ఉంది. కింది మరలకు తుప్పు. చాలా టవర్లలో కరెంటు సరఫరా పెట్టె అడుగునుంచే గాలి పీలుస్తుంది. ఊడ్చినప్పుడు లేచే దుమ్ము ముందుగా పోయేది అక్కడికే. రోజూ పెట్టే తడిగుడ్డ, వానాకాలంలో చల్లని గచ్చు చెమర్చడం తుప్పుకు తోడ్పడ్డాయి. నడుస్తున్న యంత్రం వెచ్చగా ఉంటుంది కనుక చెమ్మ అంతగా చేరదు. రోజుల తరబడి కట్టేసి ఉంచినదానికే ఆ భయం ఎక్కువ.

అందుచేత నాలుగంగుళాల ఎత్తు పీట చేయించాము. పైన నిండు పలక వేస్తే అడుగు గాలి మూసుకుపోతుంది. కనుక రెండు అడ్డకర్రలే వేయించి, జల్లెడ కింద ఖాళీ వదిలాము. నెలకొకసారి జల్లెడ తీసి కడిగి, పూర్తిగా ఆరిన తరువాతనే బిగిస్తున్నాము. ప్లగ్గుల పలకను కూడ నేలమీదనుంచి తీసి బల్ల కాలికి బిగించాము. తడిగుడ్డ తగిలితే టవరుకన్న అదే ప్రమాదం.

మా ఇంటివారు కుట్టిన ముసుగు మాత్రం, యంత్రం కట్టేసి చల్లారిన తరువాతనే కప్పుతున్నాము. మీ టవరు ముందు చేయి పెట్టి చూడండి. గాలి వెచ్చగా తగిలితే, తప్పు యంత్రానిది కాదు, చోటుది.